రాజయోగం ‘ఖాయం’ అనకుండా రాశిఫలాల వీడియోకు పేరు పెట్టడం

ఉగాది దగ్గర పడుతోందంటే యూట్యూబ్‌లో రాశిఫలాల వీడియోలు వరస కడతాయి. వాటి పేర్లలో కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఖాయం, పక్కా, నూటికి నూరు శాతం, రాసిపెట్టుకోండి, కోటీశ్వరులు కాబోతున్నారు, మిమ్మల్ని ఎవ్వరూ ఆపలేరు. తీరా వీడియో తెరిస్తే లోపల కూర్చున్న సిద్ధాంతిగారు ఇందులో ఒక్క మాటా అనరు. గురువు ఫలానా స్థానంలో ఉన్నాడు, కొంతవరకు అనుకూలం, ఖర్చు దగ్గర కాస్త చూసుకోండి, మీ సొంత జాతకం కూడా ఒకసారి చూపించుకోండి అంటూ నెమ్మదిగా చెప్పుకుపోతారు. లోపలి మాట ఆయనది. పైన పెట్టిన పేరు ఎడిటింగ్ గదిలో పుట్టింది.

ఆ గదిలో జరిగే సంభాషణ చాలా ఛానళ్ళలో ఒకే తీరుగా ఉంటుంది. “గురువుగారూ, రాజయోగం అని పెడితేనే జనం నొక్కుతారండీ” అంటాడు ఎడిటింగ్ కుర్రాడు. “నేను ఆ మాట అనలేదు కదా నాయనా” అంటారు పెద్దాయన. “మీరు అనకపోయినా పర్లేదండీ, పేరే కదా.” పెద్దాయన ఊరుకుంటారు. ఆ ఊరుకోవడం వల్లే ఉద్యోగం పోయి రెండు నెలలైన మనిషి, కూతురి పెళ్ళి కుదరక నలుగుతున్న తల్లి ఆ ‘ఖాయం’ అనే మాటను పట్టుకుని వీడియోలోకి వస్తారు. కొందరు అక్కడితో ఆగరు. కింద ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తారు, పూజకో ఉంగరానికో డబ్బు కడతారు. ఈ సంగతిని పట్టించుకోవాల్సింది అందుకే.

జ్యోతిషం నిజమా కాదా అన్నది వేరే చర్చ. దాన్ని నమ్మి వినేవాళ్ళకు, నమ్మి చెప్పేవాళ్ళకు మధ్య వీడియో పేరు ఎలా ఉండాలన్నదే ఇక్కడి ప్రశ్న. ‘అలా పెట్టకపోతే ఎవరూ చూడరు’ అనే వాదనలో సగం తప్పుంది. ఆ సగం ఏమిటో తెలియాలంటే, జనం వెతికేటప్పుడు ఏం టైప్ చేస్తారో చూడాలి.

ఫోన్లో యూట్యూబ్ తెరిచి వెతికే పెట్టెలో kumbha అని కొట్టి ఆగండి. మిగతాది అదే అందిస్తుంది. రాశి పేరు, దాని వెనక కాలం, దాని వెనక విషయం, దాదాపు ఎప్పుడూ ఈ వరసే. kumbha rasi 2026, kumba rasi phalalu, కుంభరాశి ఈ వారం, కుంభరాశి ఏలినాటి శని ఎప్పటివరకు, కుంభరాశి ఉద్యోగం. మనవాళ్ళలో చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో కొడతారు. మైకు నొక్కి అడిగేవాళ్ళది తెలుగు లిపిలోనే పడుతుంది. ఎవరు ఎలా వెతికినా, ‘కుంభరాశి 100% ఖాయం’ అని వెతికేవాళ్ళు కనబడరు. ‘ఎవ్వరూ ఆపలేరు’ అని టైప్ చేసి తన రాశిఫలం వెతుక్కునే మనిషి ఉండడు.

అంటే వెతుకులాటలో దొరకడానికి పనికొచ్చే మాటలు ఒక జట్టు, హామీ ఇచ్చే మాటలు ఇంకో జట్టు. రాశి, సంవత్సరం, నెల, గ్రహం, పెళ్ళి, వీసా, అప్పు, ఇవన్నీ మొదటి జట్టు. ఖాయం, పక్కా, 100% రెండోది. రెండో జట్టును మొత్తం తీసేసినా వెతుకులాటలో వీడియో దొరకడానికి ఏ లోటూ రాదు. పైగా దానివల్ల ఖాళీ అయిన చోటు మొదటి జట్టుకు దక్కుతుంది. ఆ చోటు ఎంత విలువైనదో తెలుగులో పేరు పెట్టేవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది.

యూట్యూబ్ పేరుకు 100 అక్షరాల హద్దు ఉంది. ఆ లెక్క మనం పలికే అక్షరాల లెక్క కాదు. గుణింతపు గుర్తు ఒకటి, సున్న ఒకటి, ఒత్తు కింద దాగిన పొల్లు ఒకటి, ప్రతిదీ విడిగా లెక్కకొస్తుంది. ‘తులారాశి’ మనకు నాలుగు అక్షరాలు, కంప్యూటరుకు 8. ‘వృశ్చికరాశి’ మనకు అయిదు, దానికి 11. కాబట్టి తెలుగులో ‘మిమ్మల్ని ఎవ్వరూ ఆపలేరు’ అని రాశామంటే వందలో దాదాపు పాతిక దానికే పోయినట్టు. ఆ పాతికలో ఒక నెల పేరు, ఒక గ్రహం, ఒక విషయం ఒదిగిపోయేవి. ఇక ఫోన్ తెర మీద పేరు మొత్తం కనబడదు, రెండు వరసలు నిండగానే చుక్కలు పడతాయి. వెతికే మాటలు ఆ చుక్కల వెనక పడితే చూసేవాడికి అవి ఉన్నట్టే తెలియదు.

ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. కుంభరాశి, 2026. ఎడిటింగ్ గది నుంచి వచ్చే మొదటి పేరు ఇలా ఉంటుందనుకుందాం:

కుంభరాశి వారికి శని వదిలేశాడు! ఇక రాజయోగం 100% ఖాయం.. మిమ్మల్ని ఎవ్వరూ ఆపలేరు

ఇందులో హామీ ఉండటం ఒక తప్పు. దానికంటే ముందు, జ్యోతిషం లెక్కలోనే ఇది తప్పు. దృక్ గణితం ప్రకారం శని 2025 మార్చి 29న కుంభం వదిలి మీనంలోకి వెళ్ళాడు. దాంతో కుంభరాశి వారికి జన్మశని ముగిసింది కానీ ఏలినాటి శని ముగియలేదు. జన్మరాశికి వెనక రాశి, జన్మరాశి, తర్వాతి రాశి, ఈ మూడింటిలో శని ఉండే ఏడున్నరేళ్ళే ఏలినాటి శని. మీనం కుంభానికి రెండో స్థానం కాబట్టి ఇది చివరి భాగం. శని 2027 జూన్‌లో మేషంలోకి వెళ్తాడు. వక్రించి ఆ ఏడాది అక్టోబరులో మళ్ళీ మీనానికి వస్తాడు. పూర్తిగా దాటేది 2028 ఫిబ్రవరిలో. ‘వదిలేశాడు’ అన్న పేరు చూసి ఊపిరి పీల్చుకున్న మనిషికి అదే ఛానల్ ఏడాది తర్వాత ‘ఏలినాటి శని చివరి దశ’ అని చెప్పాల్సి వస్తుంది.

అసలు సిద్ధాంతిగారు వీడియోలో చెప్పేది ఏమై ఉంటుంది? శని రెండో ఇంట ఉన్నాడు, అది ధన, వాక్, కుటుంబ స్థానం. గురువు 2026 జూన్ మొదటి రోజుల దాకా మిథునంలో, అంటే కుంభానికి అయిదో ఇంట ఉంటాడు. గోచారంలో అయిదో ఇంటి గురువు మంచివాడు. జూన్ 2 నుంచి కర్కాటకంలోకి, అంటే ఆరో ఇంటికి వెళ్తాడు. అక్కడ అంత అనుకూలం కాదు. కాబట్టి ఆయన మాటల సారం ఇది: జూన్‌కు ముందు ఒక తీరు, తర్వాత ఇంకో తీరు. డబ్బు, మాట, ఈ రెండింటి దగ్గర జాగ్రత్త. ఈ సారంలోనే మంచి పేరు దాగుంది. జనం వెతికే మాటలు (కుంభరాశి, 2026, ఏలినాటి శని, డబ్బు) ఇందులోనే ఉన్నాయి. నొక్కాలనిపించే సంగతి కూడా ఇందులోనే ఉంది, అది జూన్ అనే మలుపు. రెంటినీ కలిపితే:

కుంభరాశి 2026 | ఏలినాటి శని చివరి దశ: జూన్ తర్వాత డబ్బు విషయంలో జాగ్రత్తలు | Kumbha Rasi

కంప్యూటరు లెక్కన ఇది 88. ఇంగ్లీషు అక్షరాల్లో వెతికేవాళ్ళ కోసం చివర ఒక్క రూపం చాలు. kumba, kumbh, kumbharasi లాంటి మిగతా స్పెల్లింగులన్నీ పేరులోకి కుక్కక్కర్లేదు. అవసరమైన ఒకటి రెండు వివరణలో సహజంగా వచ్చేలా రాయవచ్చు. ట్యాగుల పెట్టె ఉన్నదే తప్పు స్పెల్లింగుల కోసం, మిగతా విషయాల్లో ట్యాగుల ప్రభావం చాలా తక్కువని యూట్యూబే తన సహాయ పేజీల్లో చెబుతుంది. రాశి పేరు, సంవత్సరం, ‘ఏలినాటి శని చివరి దశ’ మొదట్లోనే వచ్చేశాయి కాబట్టి పేరు మధ్యలో తెగినా అర్థం తెగదు.

ఈ పేరు ఏం మాట ఇస్తోందో చూడండి. డబ్బు వస్తుందని అనలేదు, పోతుందని అనలేదు. ఒక కాలం గురించి, ఒక విషయం గురించి మాట్లాడతానంటోంది. ఆ మాట నిలబెట్టుకోవడం సిద్ధాంతిగారి చేతిలో ఉన్న పని. చూసేవాడి బ్యాంకు ఖాతాలో ఏం పడుతుందన్నది ఎవరి చేతిలోనూ లేదు. వీడియోలో తాను చేయగలిగిన పనిని మాత్రమే పేరులో ఒప్పుకోవాలి. నా దృష్టిలో మిగతా నియమాలన్నీ దీని వెంట వచ్చేవే.

ఈ నియమం తెలిసినవాళ్ళు కూడా ఒకచోట జారిపోతారు. ‘ఖాయం’ తీసేసి ప్రశ్న గుర్తు పెడతారు. ‘కుంభరాశి వారు కోటీశ్వరులు కాబోతున్నారా?’ చూడటానికి హామీ లేదు, చదివేవాడి మనసులో మాత్రం కోటి రూపాయలే మిగులుతాయి. ప్రశ్న నిజమైనదో కాదో తేల్చడం తేలికే. వీడియోలో దానికి ‘కాదు’ అనే సమాధానం కూడా వచ్చే వీలుందా? ‘ఏలినాటి శని ముగిసిందా?’ అన్నది నిజమైన ప్రశ్న. సమాధానం ‘ఇంకా లేదు’, కారణం అయిదు నిమిషాల్లో చెప్పవచ్చు. ‘కోటీశ్వరులవుతారా?’ అన్నదానికి ఏ వీడియోలోనూ సమాధానం ఉండదు.

భయపెట్టే పేర్లదీ ఇదే లెక్క. గండం, మరణయోగం, ఈ మూడు రాశుల వారు ఇల్లు కదలొద్దు లాంటివి కూడా జోస్యాన్ని ఖాయం చేసి చెప్పడమే, దిక్కు మాత్రమే వేరు. నిజానికి ఇవి ఇంకా ప్రమాదకరం. రాజయోగం రాకపోతే జనం మర్చిపోతారు, గండం అన్న మాట మాత్రం ఇంట్లో జబ్బు మనిషి ఉన్నవాళ్ళ నిద్ర చెడగొడుతుంది.

ఇంకో వైపు అతి జాగ్రత్త ఉంది. ‘కుంభరాశి వారికి 2026లో మిశ్రమ ఫలితాలు ఉండవచ్చు.’ ఇందులో తప్పు లేదు, పసా లేదు. పన్నెండు రాశులకూ ఇదే పేరు పెట్టవచ్చు. హామీ తీసేశాక ఆ చోటును ‘అవకాశం ఉంది’, ‘ఉండవచ్చు’ లాంటి మాటలతో నింపితే పేరు చచ్చుబడిపోతుంది. అక్కడ ఉంచాల్సింది ఒక నిర్దిష్టమైన సంగతి. అది ఒక తేదీ కావచ్చు, ఒక స్థానం కావచ్చు, రాశిలోని ఒక భాగం కావచ్చు. కుంభంలో ధనిష్ఠ 3, 4 పాదాలు, శతభిషం, పూర్వాభాద్ర మొదటి 3 పాదాలు ఉంటాయి. వీడియోలో నక్షత్రాల వారీగా విడదీసి చెబితే ‘శతభిషం వారికి విడిగా’ అనే మూడు మాటలు పేరులో ఎంతో పనిచేస్తాయి. ఆ నక్షత్రం వాళ్ళు తప్పకుండా ఆగి చూస్తారు. విడదీసి చెప్పకుండా ఆ మాట పెడితే మళ్ళీ మోసమే.

రాశి అంటే ఎంతమందో కూడా ఒకసారి ఆలోచించాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 8 కోట్ల పైచిలుకు. పన్నెండుతో సమంగా భాగిస్తే ఒక్కో రాశికి 65 లక్షలు దాటుతారు. ఇంతమందికీ ఒకే నెలలో ఉద్యోగం ఖాయమని ఏ సిద్ధాంతీ చెప్పడు. గోచారం ఒక్కటే చూసి ఫలితం తేల్చకూడదని, లగ్నం, నడుస్తున్న దశ, అష్టకవర్గంలో ఆ గ్రహానికి వచ్చిన బిందువులు కలిపి చూడాలని శాస్త్రం చదివినవాళ్ళే చెబుతారు. హామీ ఇవ్వని పేరు జ్యోతిషానికి బయటినుంచి పెట్టిన అడ్డు కాదు. ఆ విద్యలోనే ఉన్న పట్టింపు అది.

వెతుకులాటకు పనికొచ్చేదే అయినా పెట్టకూడని మాట ఒకటుంది, Aquarius. కుంభరాశి వీడియో పేరు చివర ఇది తగిలించడం మామూలైపోయింది. ఇంగ్లీషు పత్రికల రాశిఫలాలు పుట్టిన తేదీని, అంటే సూర్యుడి స్థానాన్ని పట్టి చూస్తాయి. జనవరి 20 మొదలు ఫిబ్రవరి 18 దాకా పుట్టినవాళ్ళు తమను Aquarius అనుకుంటారు. మన పంచాంగంలో రాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. ఆ మనిషిది మన లెక్కలో కర్కాటకమో తులో కావచ్చు. ఆ మాటతో వచ్చిన చూపులు లెక్కలో కలుస్తాయి కానీ, ఆ మనిషి తనది కాని ఫలితం విని వెళ్తాడు. పెట్టక తప్పదనుకుంటే వీడియో మొదట్లోనే ‘ఇది చంద్రరాశి ప్రకారం’ అని చెప్పడం కనీస ధర్మం.

తేదీల దగ్గర కూడా ఇలాంటి మెలికే ఉంది. 2025లో శని మార్పు గురించి ఊరంతా వీడియోలు వచ్చినప్పుడు, పేరుపొందిన శని క్షేత్రం తిరునళ్ళారు ఆలయం తాము వాక్య పంచాంగం పాటిస్తామని, తమ లెక్కలో ఆ మార్పు 2026లోనే అని చెప్పింది. ఒకే గ్రహం, రెండు గణితాలు, ఏడాది తేడా. పేరులో తేదీ వేసినప్పుడు వివరణ మొదటి వరసలోనే ఏ పంచాంగం ప్రకారమో రాస్తే తర్వాత వచ్చే తగాదా ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు గడియారం తేడాతో తేదీ ఒక రోజు ముందుకు జరగవచ్చు, ‘భారత కాలమానం’ అన్న మాటా అక్కడే ఉంటే మంచిది.

పరిహారాల వీడియోలకు వచ్చేసరికి ఇది మర్యాద సంగతిగా మాత్రమే మిగలదు, చట్టం సంగతి అవుతుంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం తాయెత్తు, మంత్రం, కవచం లాంటివాటితో జబ్బులు నయమవుతాయనే ప్రకటనలను నిషేధిస్తుంది. ఆ చట్టం జాబితాలో మధుమేహం కూడా ఉంది. ‘ఈ కవచం కడితే షుగర్ మాయం’ అన్న పేరు ఆ గీత దాటినట్టే. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం యంత్రాలకు అద్భుత శక్తులున్నాయంటూ టీవీల్లో అమ్మే ప్రకటనలు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆరోగ్యం గురించి చెప్పాలంటే ‘ఆరో స్థానం: ఆరోగ్యం విషయంలో ఏం చూస్తారు’ అన్నంతవరకే పేరు ఆగాలి. వస్తువు అమ్మే వీడియో అయితే ఆ మాట కూడా పేరులో కలపకపోవడమే మేలు.

పేరు సరిదిద్దుకుని థంబ్‌నెయిల్ మర్చిపోయేవాళ్ళూ ఉన్నారు. కింద ‘జాగ్రత్తలు’ అని ఉంటుంది, పైన బొమ్మ మీద నోట్ల కట్టలు, ఎర్ర అక్షరాల్లో 100%. చూసేవాడి కన్ను ముందు పడేది బొమ్మ మీదే. వీడియోలో లేనిది పేరులోనో బొమ్మలోనో చూపించడం యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. 2024 డిసెంబరులో భారతదేశంలో ఇలాంటి మోసపు పేర్ల మీద గట్టిగా ఉంటామని, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, ఆ సంస్థ ప్రకటించింది. కుంభరాశి వీడియోకు బొమ్మ మీద కుండ గుర్తు, ‘జూన్ 2’ అన్న పెద్ద అక్షరాలు చాలు. పేరులో ఉన్న మాటే బొమ్మ మీద మళ్ళీ రాయక్కర్లేదు. పేరులో ‘జూన్ తర్వాత’ అని ఉంటే, అసలు తేదీ ఇక్కడ చెప్పవచ్చు.

ఇదంతా చేశాక నిజంగా పనిచేస్తోందా అంటే, యూట్యూబ్ స్టూడియోలో చూసుకోవచ్చు. ఎన్నిసార్లు కనబడితే ఎందరు నొక్కారన్న శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. సగం ఛానళ్ళకు, వీడియోలకు అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. హోమ్ పేజీలో హామీ పేరుకు ఈ శాతం ఎక్కువే రావచ్చు, అది ఒప్పుకోవాలి. వెతికి వచ్చేవాళ్ళ దగ్గర తేడా పోతుంది కానీ, ఊరికే తెర జరుపుతూ కూర్చున్న మనిషిని అరుపు ఆపుతుంది. ‘ఎవరూ చూడరు’ అన్న వాదనలో నిజమున్న సగం ఇదే. కాబట్టి దాని పక్కనే రెండు చూడాలి. ఒకటి, వీడియో మొదటి 30 సెకన్ల తర్వాత ఎందరు మిగిలారన్న గీత. హామీ విని వచ్చినవాడు ఆ మాట లోపల వినపడకపోతే అక్కడే జారిపోతాడు, గీత నిట్టనిలువుగా పడుతుంది. రెండోది, ఏ మాటలు వెతికి వచ్చారన్న జాబితా. అందులో రాశి, సంవత్సరం, విషయం మూడూ కనబడుతుంటే పేరు తన పని చేస్తున్నట్టే. రాశి ఒక్కటే కనబడుతుంటే విషయం మాట మరీ వెనక్కి పోయిందేమో చూడాలి.

మార్చేటప్పుడు పేరు, బొమ్మ ఒకేసారి మార్చకూడదు. రెండూ మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. ముందు పేరు మార్చి కొన్ని రోజులు ఆగాలి, ఆ తర్వాతే బొమ్మ జోలికి వెళ్ళాలి.

పాత వీడియోలను కూడా ఒకసారి తిరిగి చూడటం మంచిది. గ్రహం మారిపోయాక ‘రాబోతోంది’ అన్న పేరు అబద్ధమవుతుంది. ‘2026’ను చెరిపి ‘2027’ అని దిద్దడం అంతకంటే పెద్ద అబద్ధం, ఎందుకంటే లోపల గురువు ఇంకా నిరుటి ఇంట్లోనే ఉంటాడు. ఏడాదిని అలాగే వదిలేసి, వ్యాఖ్యల్లో పైన పిన్ చేసిన చోట కొత్త వీడియో లింకు పెడితే వెతికి వచ్చినవాడు దారి తప్పడు. జ్యోతిషంలో కాలానికి కట్టుబడని సంగతులు చాలానే ఉన్నాయి. జన్మశని అంటే ఏమిటి, రెండో ఇంటి శనిని ఎలా చదువుతారు, చంద్రరాశి ఎలా తెలుసుకోవాలి లాంటి వీడియోలకు పేరులో అసలు ఏడాదే అక్కర్లేదు. శని కుంభం దాటి మీనం, మీనం దాటి మేషం వెళ్ళినా అవే మాటలు వెతుక్కుంటూ జనం వస్తూనే ఉంటారు.